బరువు రాయని బంగారు కడ్డీ

పెళ్ళికి బంగారం కొనబోయిన ఇంట్లో మొదటి ప్రశ్న "ఎన్ని తులాలు?" అని. రెండో ప్రశ్న "వన్నె ఎంత?" అని. ఈ రెండూ తేలితే బేరం కుదిరినట్టే. అలాంటిది, ప్రపంచంలోని ప్రభుత్వ ఖజానాలూ, పెద్ద పెద్ద బ్యాంకులూ తమలో తాము ఇచ్చి పుచ్చుకొనే బంగారు కడ్డీ మీద బరువు చెక్కి తీరాలన్న నియమమే లేదంటే మీరు నమ్ముతారా? నమ్మాలి. ఆ కడ్డీ మీద తప్పనిసరిగా ఉండవలసినవి నాలుగే: దాని వరుస నంబరు, పోతపోసిన కార్ఖానా ముద్ర, వన్నె, తయారైన సంవత్సరం. బరువు వేస్తే వేయవచ్చు, మానితే మానవచ్చు.

నేను బంగారం వన్నె పరీక్షించే ఉద్యోగంలో ముప్ఫై ఏళ్ళు గడిపాను. ఉద్యోగం మానుకొన్న తర్వాత చుట్టాలిళ్ళలో నన్ను అందరూ అడిగేది ఒకటే: "ఈ గొలుసు మంచిదేనా?" అని. కడ్డీల సంగతి ఎవరూ అడగరు. కాని గొలుసు వెనుక ఉన్న బంగారం కథంతా ఆ కడ్డీలోనే ఉంది. అందుకని ఆ సంగతే ఇవాళ చెప్పదలచుకొన్నాను.

ఈ కడ్డీలకు వర్తకంలో "లండన్ గుడ్ డెలివరీ" కడ్డీలని పేరు. అంటే లండను బజారులో మారు మాట లేకుండా చెల్లుబాటయ్యేవి అని అర్థం. ఎవరు పోసిన కడ్డీలు చెల్లుతాయో ఒక జాబితా రాసి ఉంచే ఆచారం అక్కడ 1750లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుతో మొదలయింది. ఇప్పుడా జాబితాను 1987లో ఏర్పడిన లండన్ బులియన్ మార్కెట్ అసోసియేషన్ నిర్వహిస్తున్నది.

బరువుకు ఎగువ దిగువ హద్దులు

లండనులో బంగారాన్ని ట్రాయ్ ఔన్సులలో తూస్తారు. ఈ ఔన్సు 31.1035 గ్రాములు. మన పెద్దవాళ్ళ తులం 11.66 గ్రాములు. ఈ రెంటికీ ఒక చక్కని లంకె ఉంది: మూడు ఔన్సులు సరిగ్గా ఎనిమిది తులాలు. ఇది గుర్తుంచుకొంటే ఇక మీదట వచ్చే లెక్కలేవీ మిమ్మల్ని భయపెట్టవు.

వాడుకలో అందరూ "నాలుగువందల ఔన్సుల కడ్డీ" అంటారు. అంటే సుమారు పన్నెండున్నర కిలోలు, మన లెక్కన వెయ్యిన్నీ అరవై ఆరు తులాల పైచిలుకు. కాని ఏ కడ్డీ కూడా సరిగ్గా నాలుగువందలు ఉండదు. కడ్డీలోని మేలిమి బంగారం 350 ఔన్సులకు తగ్గకూడదు, 430 ఔన్సులకు మించకూడదు. కిలోలలో చెప్పాలంటే 10.9 నుంచి 13.4 దాకా. ఈ మధ్యన ఎంత ఉన్నా సరే. పొడవు జానెడుకు కొంచెం పైన, వెడల్పు మూడంగుళాలకు కొంచెం లోపు, మందం అంగుళంన్నరకు కొంచెం తక్కువ. చూడటానికి చిన్న ఇటుకలా ఉంటుంది. ఒక చేత్తో ఎత్తబోయిన కొత్తవాడు మాత్రం ఉలిక్కిపడతాడు. రెండేళ్ళ బిడ్డ బరువు ఆ ఇటుకలో దాగి ఉంటుంది మరి!

"అంత విలువైన వస్తువును సరిగ్గా నాలుగువందలకు పోస్తే ఏం పోయింది, మామయ్యా?" అని మా మేనకోడలు ఒకసారి అడిగింది. బ్యాంకులో పని చేసే పిల్ల. అంకెలు సరిగ్గా ఉండకపోతే దానికి తోచదు.

"మీ అమ్మ గరిటెతో ఇడ్లీ పిండి వేస్తుందిగదా, ప్రతి ఇడ్లీ ఒకే తూకం ఉంటుందా?" అన్నాను.

"ఇడ్లీకీ బంగారానికీ పోలికేమిటి మామయ్యా!"

పోలిక ఉంది. పెద్ద కడ్డీని కరిగిన బంగారంతో అచ్చులో పోస్తారు. వెయ్యి డిగ్రీలు దాటిన వేడిమీద, నిప్పులా మెరుస్తూ పడే ద్రవాన్ని సరిగ్గా ఫలానా తూకం దగ్గర ఆపడం అయ్యే పని కాదు. తర్వాత సరిచేద్దామంటే ఎక్కువైన దాన్ని చెక్కెయ్యాలి, తక్కువైతే మళ్ళీ కరిగించాలి. దానివల్ల ఖర్చే గాని లాభమేమీ లేదు. వచ్చినదాన్ని వచ్చినట్టు ఉంచి, జాగ్రత్తగా తూచి, ఆ తూకం కాగితం మీద రాసుకొంటే సరిపోతుంది. కొనుగోలుదారు కడ్డీల లెక్కన కాక, అందులోని మేలిమి ఔన్సుల లెక్కన సొమ్ము చెల్లిస్తాడు. పది కడ్డీలు ఇస్తే బాకీకి ఔన్సు అటో ఇటో తేడా పడుతుంది. ఆ తేడాను ఖాతాలో సర్దుకొంటారు.

ఒక కడ్డీ లెక్క

ఒక కడ్డీని తీసుకొని లెక్క కట్టి చూద్దాం. ఖజానాలో దాన్ని తూస్తే నిజమైన బరువు 404.989 ఔన్సులు వచ్చిందనుకొందాం. ఈ అంకెను అలాగే రాయరు. లండను వాడుక ప్రకారం పెద్ద బంగారు కడ్డీని ఔన్సులో నలభయ్యోవంతు మెట్లలో, అంటే 0.025 చొప్పున తూస్తారు. మెట్టుకు మెట్టుకు మధ్య పడ్డదాన్ని కింది మెట్టుకే దించుతారు. కాబట్టి మన కడ్డీ బరువు 404.975 అని పుస్తకంలోకి ఎక్కుతుంది. అలా వదిలివేసిన వాసి అర గ్రాముకు కొంచెం తక్కువ. కొనేవాడికి ఎన్నడూ నష్టం రాకూడదన్నది ఆ ఆచారంలోని న్యాయం. మన కూరగాయల మార్కెట్లో మొగ్గు తూకం వేసినట్టే ఇదీనూ.

ఇప్పుడు వన్నె. కడ్డీ మీద 995.8 అని చెక్కి ఉందనుకోండి. అంటే వెయ్యి పాళ్ళలో 995.8 పాళ్ళు మేలిమి బంగారం, తక్కినది వెండో రాగో మరొకటో. లండను కడ్డీకి వన్నె 995కు తగ్గరాదు. 404.975ను 995.8 చేత గుణించి వెయ్యితో భాగిస్తే 403.274 ఔన్సులు వస్తుంది. అదే ఈ కడ్డీలోని మేలిమి. దానికే ధర కడతారు. మన లెక్కన 1,075 తులాల పైచిలుకు. తక్కిన ఔన్సున్నర పైగా ఇతర లోహాలకు కొనేవాడు పైసా ఇవ్వడు.

ఈ లెక్కలో బరువును ఎవరైనా, ఎప్పుడైనా మళ్ళీ తూచి చూసుకోవచ్చు. పది నిమిషాల పని. కడ్డీకి చెక్కుచెదరదు. అందుకే బరువు దానిమీద లేకపోయినా ఎవరికీ బెంగ లేదు. కాని ఆ 995.8 అనే అంకె ఉన్నదే, దాన్ని కడ్డీ చెడగొట్టకుండా తేల్చుకోవడం సాధ్యం కాదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

నిప్పు చెప్పే నిజం

మన కంసాలి గీటురాయి మీద గీసి చూస్తాడు. నేటి దుకాణాలలో ఎక్స్‌కిరణాల యంత్రం పెట్టి క్షణంలో శాతం చెబుతారు. రెండూ పనికొచ్చేవే, కాని రెండూ చూసేది పైచర్మాన్నే. నగకు అది చాలు. ఇటుకంత దళసరి కడ్డీ కడుపులో ఏముందో అవి చెప్పలేవు.

కడ్డీ వన్నె తేల్చడానికి నేటికీ నమ్మకమైన పద్ధతి పుటం పెట్టడమే. కరిగిన బంగారాన్ని అచ్చులో పోసేటప్పుడే అందులోంచి చిటికెడు నమూనా తీసి ఉంచుతారు. ఆ నమూనాలోంచి గ్రాములో పావు వంతో, సగమో కత్తిరించి, అతి సున్నితమైన త్రాసులో తూస్తాం. దానికి రెండింతలకు పైగా వెండి చేర్చి, సీసపు రేకులో పొట్లం కట్టి, బూడిదతో గాని మెగ్నీషియాతో గాని చేసిన చిన్న గిన్నెలో పెట్టి కొలిమిలోకి తోస్తాం. వెయ్యి డిగ్రీల పైచిలుకు వేడిలో సీసం కరిగి, రాగి వంటి హీనలోహాలను వెంటబెట్టుకొని ఆ గిన్నెలోకి ఇంకిపోతుంది. గిన్నెలో బంగారమూ వెండీ కలిసిన చిన్న పూస మిగులుతుంది. ఆ పూసను సాగగొట్టి, పలచని రేకు చేసి, సుడి చుట్టి, నత్రికామ్లంలో మరిగిస్తాం. వెండి కరిగిపోతుంది, బంగారం కరగదు. మిగిలిన గోధుమరంగు సుడిని కడిగి కాలిస్తే పసిమి రంగు తిరుగుతుంది. దాన్ని మళ్ళీ తూస్తాం. మొదటి తూకానికీ చివరి తూకానికీ ఉన్న నిష్పత్తే వన్నె.

చెప్పినంత సులువుగా ఇది కుదరదు. కొలిమి వేడి ఎక్కువైతే రవ్వంత బంగారం కూడా గిన్నెలోకి ఇంకుతుంది. ఆమ్లంలో మరుగు చాలకపోతే రవ్వంత వెండి మిగిలిపోతుంది. మొదటిది వన్నెను తగ్గించి చూపుతుంది, రెండోది పెంచి చూపుతుంది. అందుకే ప్రతి విడతలోనూ వన్నె ముందే తెలిసిన శుద్ధ బంగారపు ముక్కలను పక్కనే పెట్టి, వాటి తప్పెంతో చూసి, అసలు నమూనా లెక్కను సరిదిద్దుతాం. ఇందులో వెయ్యింట ఒక పాలు పొరపాటు పడిందనుకోండి. నాలుగువందల ఔన్సుల కడ్డీలో అది పన్నెండు గ్రాములు దాటుతుంది, అంటే తులానికి పైమాటే. ఏడాదికి పది టన్నులు పోసే కార్ఖానాలో అదే పొరపాటు పది కిలోల బంగారమవుతుంది.

పొరపాటు కాక మోసమైతే? బంగారంతో దాదాపు సమానమైన సాంద్రతగల లోహం ఒకటుంది. దాని పేరు టంగ్‌స్టన్. ఘనసెంటీమీటరు బంగారం 19.3 గ్రాములు తూగితే, టంగ్‌స్టన్ కూడా దాదాపు అంతే తూగుతుంది. కడ్డీ కడుపులో టంగ్‌స్టన్ ముక్క దాచి పైన బంగారం పోస్తే త్రాసు పట్టుకోలేదు, గీటురాయీ పట్టుకోలేదు. ధ్వని పట్టుకొంటుంది. టంగ్‌స్టన్‌లో శబ్దం బంగారంలో కంటె ఒకటిన్నర రెట్లకు పైగా వేగంతో సాగుతుంది. అందుచేత చెవికి వినిపించని ధ్వనితరంగాన్ని కడ్డీలోకి పంపి, అది తిరిగి వచ్చే కాలాన్ని కొలిస్తే లోపలి దొంగ బయటపడతాడు.

ముద్ర వేసే అర్హత

ఇన్ని పరీక్షలను ప్రతి చేతిమార్పిడికీ చేస్తూ కూర్చొంటే బంగారపు వర్తకం ఒక్క రోజు కూడా నడవదు. అందుకని కడ్డీలను కాక, కడ్డీలు పోసేవాళ్ళనే ముందుగా పరీక్షించి పెట్టుకోవాలన్న ఉపాయం వచ్చింది. జాబితాలో ఉన్న కార్ఖానా ముద్ర పడితే ఇక వన్నెను ఎవరూ ప్రశ్నించరు.

ఈ జాబితాలోకి ఎక్కడం తేలిక కాదు. కార్ఖానా పుట్టి కనీసం ఐదేళ్ళు కావాలి. దరఖాస్తు పెట్టేనాటికి శుద్ధి చేసే పని కనీసం మూడేళ్ళుగా నడుస్తుండాలి. ఏడాదికి కనీసం పది టన్నుల బంగారం శుద్ధి చేస్తుండాలి. అంటే ఎనిమిదివందల కడ్డీలంత. సొంత ఆస్తి విలువ కనీసం కోటిన్నర పౌండ్లు ఉండాలి. ఆస్తితో ఏం పని అని అడుగుతారేమో! ఒక కడ్డీ ఖజానాలో నలభై ఏళ్ళు కూర్చోవచ్చు. నలభయ్యో ఏట దానిలో లోపం బయటపడితే నష్టం కట్టియ్యడానికి ముద్ర వేసినవాడు నిలబడి ఉండాలి గదా.

ఆ తర్వాత చేతిపని పరీక్ష. వన్నె బయటపెట్టని నమూనాలను కార్ఖానా పరీక్షాశాలకు పంపుతారు; వాళ్ళు వన్నె సరిగ్గా కట్టాలి. వాళ్ళు పోసిన కడ్డీలనూ, నమూనాలనూ మధ్యవర్తులుగా నియమించిన పేరుమోసిన శుద్ధిశాలలు తాము మళ్ళీ పరీక్షిస్తాయి. కడ్డీ రూపం కూడా చూస్తారు. పైన లోతైన గుంటలున్నా, బుడగలున్నా, పొరలు లేచినా ఒప్పుకోరు. ఇది కేవలం అందం కోసం కాదు. గుంటలో తేమ చేరితే తూకం తప్పుతుంది. ఆ తేమతోనే కడ్డీని మరుగుతున్న మూసలోకి వేస్తే నీరు ఒక్కసారిగా ఆవిరై, కరిగిన లోహం పేలి ఎగజిమ్ముతుంది.

ఒకసారి జాబితాలోకి వచ్చినవాడు ఇక నిశ్చింతగా ఉండవచ్చుననుకోవడానికి లేదు. కొన్నేళ్ళకొకమారు మళ్ళీ పరీక్ష తప్పదు. 2012 నుంచి మరొక షరతు చేరింది: బంగారం ఎక్కడినుంచి వచ్చిందో, యుద్ధాలు చేసే ముఠాల చేతుల్లోంచి గాని దొంగసొమ్ము దారిలో గాని రాలేదని కార్ఖానా చూపాలి, బయటి తనిఖీదారులు దాన్ని ధ్రువపరచాలి.

ఈ షరతు విలువ 2019లో లోకానికి తెలిసింది. స్విట్జర్లాండులోని పేరుపొందిన శుద్ధిశాలల ముద్రలు వేసిన కిలో కడ్డీలు, కనీసం ఐదుకోట్ల డాలర్ల విలువైనవి, ఆ శుద్ధిశాలలు పోసినవి కావని ఆ ఏడు పత్రికలలో వచ్చింది. విడ్డూరమేమిటంటే వాటిలో బంగారం నిజమైనదే, వన్నె కూడా మంచిదే! దొంగది ముద్ర ఒక్కటే. మంచి బంగారానికి దొంగ ముద్ర ఎందుకు? ఎక్కడిదో చెప్పుకోలేని బంగారాన్ని గౌరవంగల పేరుతో బజారులోకి దింపడానికి. పుటం పెట్టి చూసినా ఈ మోసం పట్టుబడదు. నిప్పుకు వన్నె తెలుసుగాని, పుట్టుక తెలియదు.

జాబితా దాటిన కడ్డీ

నాణ్యత చాలని బంగారానికి ఏ గతి పడుతుందో జర్మనీ కథ చెబుతుంది. ఆ దేశపు కేంద్ర బ్యాంకు న్యూయార్కులో దాచిన బంగారాన్ని స్వదేశానికి తెచ్చుకొనేటప్పుడు, 2014లో సుమారు 50 టన్నులను కరిగించి, లండను నియమాల ప్రకారం కొత్త కడ్డీలుగా పోయించింది. ఆ బంగారమేమీ దొంగది కాదు. కాని పాత రూపంలో ఉన్నది అవసరానికి వెంటనే చెల్లదు. అత్తగారి కాలపు నగను మార్చి కొత్తది చేయించుకొన్నట్టే. కాకపోతే ఇక్కడ నగ 50 టన్నులు.

కార్ఖానా జాబితాలోంచి పోతే అది అంతకుముందు పోసిన కడ్డీల మాటేమిటి? దానికీ ఏర్పాటు ఉంది. పేరు పాతవారి పట్టికలోకి మారుతుంది. తొలగించిన తేదీకి ముందు పోసినవి మామూలుగా చెల్లుతూనే ఉంటాయి. ఉక్రెయిన్ యుద్ధం మొదలైన తర్వాత 2022 మార్చిలో ఆరు రష్యా శుద్ధిశాలలను జాబితానుంచి పక్కన పెట్టారు. వారు అంతకుముందు పోసిన కడ్డీలు చెల్లాయి; ఆ తర్వాత పోసినవి చెల్లలేదు. ఇప్పుడు తెలిసిందా, కడ్డీ మీద సంవత్సరం ఎందుకు చెక్కుతారో!

మరొక మాట. ముద్ర ఉన్న కడ్డీ కూడా ఖజానా గొలుసులో ఉన్నంతవరకే ప్రశ్న లేకుండా చెల్లుతుంది. ఒప్పుకొన్న ఖజానానుంచి ఒప్పుకొన్న ఖజానాకు, ఒప్పుకొన్న బండిలో వెళ్ళాలి. మధ్యలో ఒకరి ఇంటి ఇనప్పెట్టెలో నాలుగు రోజులుంటే, తిరిగి వచ్చేటప్పుడు దాన్ని కొత్తదానిలా చూసి, తూచి, అనుమానముంటే పరీక్షించి గాని తీసుకోరు.

మన దేశానికి ఈ కడ్డీలతో ఉన్న చుట్టరికం పాతదే. 1991 జూలైలో విదేశీమారకం అడుగంటినప్పుడు రిజర్వు బ్యాంకు 46.91 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు, బ్యాంక్ ఆఫ్ జపానుల దగ్గర హామీ పెట్టి సుమారు నలభైకోట్ల డాలర్లు తెచ్చింది. నాలుగువందల ఔన్సుల కడ్డీల లెక్కన అది 3,700 కడ్డీలకు పైమాట. ఇల్లాలి గాజులు తాకట్టుకు వెళ్ళినంత బాధపడింది దేశం. అటువంటి తాకట్టులో అప్పిచ్చేవాడు అన్ని కడ్డీలనూ పుటం పెట్టి చూస్తూ కూర్చోలేడు. అతనికి కావలసింది ముద్ర, అంకె, తూకం పుస్తకం.

2023-24 ఆర్థిక సంవత్సరంలో రిజర్వు బ్యాంకు ఇంగ్లండు నుంచి 100 టన్నుల బంగారాన్ని మన గడ్డకు తరలించింది. అదే లెక్కన అది సుమారు ఎనిమిదివేల కడ్డీలు. ఇంటికి వచ్చిన బంగారం మీద హక్కు మనదే, తాళమూ మన దగ్గరే. కాని ఏనాడైనా దాన్ని లండను బజారులో అమ్మవలసి వస్తే, ఒక్కొక్క కడ్డీనీ మళ్ళీ చూసుకోవాలి, తూచుకోవాలి. అక్కడి త్రాసు ముందు నిలబడినప్పుడు కడ్డీ తరపున మాట్లాడేవి ఆ నాలుగు గుర్తులే: నంబరు, ముద్ర, వన్నె, సంవత్సరం. బరువు సంగతి త్రాసే చెబుతుంది.